డబ్బు స్కీమ్ దాటి బయటికే వెళ్లనప్పుడు ఎగ్జిట్ లోడ్ ఎందుకు?

మ్యూచువల్ ఫండ్లను నియంత్రించే సెబీ ఛైర్మన్ గారికి, ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ పెద్దలకు,

నమస్కారం.

మ్యూచువల్ ఫండ్లలో డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్ నుంచి, మధ్యవర్తి లేకుండా నేరుగా కొనే అదే స్కీమ్ డైరెక్ట్ ప్లాన్‌కు మారాలనుకునే మామూలు ఇన్వెస్టర్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మా బంధువులు, నాతో పనిచేసేవాళ్లు అప్పుడప్పుడు తమ ఫండ్ స్టేట్‌మెంట్లు తెచ్చి ఇది ఏమిటో చూడమంటుంటారు. చూసిన ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నాం. మారాలని నిర్ణయించుకున్నవాళ్లకు దారిలో రెండు అడ్డంకులు ఎదురవుతున్నాయి. ఒకటి ఎగ్జిట్ లోడ్, అంటే గడువుకు ముందే యూనిట్లు తీస్తే కోసుకునే సొమ్ము. రెండోది పన్ను. పన్ను సంగతి ప్రభుత్వం చూడాలి. ఎగ్జిట్ లోడ్ మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉన్న విషయం. అందుకే మీకు రాస్తున్నాను.

ముందు మా అక్క విషయం చెప్తాను, ఎందుకంటే లెక్క అంతా అందులోనే ఉంది. ఆమె మూడేళ్ల కిందట తన జీతం పడే బ్యాంకులో ఒక ఈక్విటీ ఫండ్‌లో నెలకు 10,000 రూపాయల సిప్ మొదలుపెట్టింది. ఫారం బ్యాంకు వాళ్లే నింపారు. దాని మీద బ్యాంకు ఏఆర్ఎన్, అంటే డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్ నంబరు, ఉంది. ఇది రెగ్యులర్ ప్లాన్ అని, దీనికి కమీషన్ పోతుందని నేను చెబితే అక్క నమ్మలేదు. "వాళ్లు నా దగ్గర పైసా తీసుకోలేదురా, ఫండ్ కంపెనీయే వాళ్లకు ఇస్తుందట" అంది. బ్యాంకులో ఆమెకు చెప్పిన మాట అదే.

ఈ మాట వినని ఇన్వెస్టర్ ఉండడేమో. మీ 2018 అక్టోబర్ సర్క్యులర్ ప్రకారం ఇది తప్పు. ఆ సర్క్యులర్ ముందస్తు కమీషన్లను దాదాపుగా ఆపేసి, ఏటేటా ఇచ్చే ట్రెయిల్ కమీషన్‌ను మాత్రమే ఉంచింది. ఆ కమీషన్‌ను ఫండ్ కంపెనీ తన జేబులోంచి ఇవ్వకూడదని, స్కీమ్ నుంచే చెల్లించాలని కూడా చెప్పింది. స్కీమ్ అంటే యూనిట్లు కొన్నవాళ్ల డబ్బు. రెగ్యులర్ ప్లాన్ ఖర్చుల నిష్పత్తిలో కమీషన్ కలిసి ఉంటుంది, రోజువారీగా లెక్కగట్టి తీసేశాకే ఎన్ఏవీ, అంటే యూనిట్ విలువ, ప్రకటిస్తారు. బిల్లు రాదు, ఖాతాలోంచి డెబిట్ కనిపించదు, ఎస్ఎంఎస్ కూడా రాదు. అందుకే అక్కకు పైసా పోయినట్టు తెలియలేదు.

2009 ఆగస్టుకు ముందు ఈక్విటీ ఫండ్‌లో డబ్బు పెడితే మామూలుగా 2.25 శాతం ఎంట్రీ లోడ్ పోయేది. లక్ష పెడితే 2,250 రూపాయలు తగ్గి యూనిట్లు వచ్చేవి. అది అన్యాయమే కానీ కంటికి కనిపించేది. మీరు దాన్ని తీసేశారు, 2013 జనవరి 1 నుంచి ప్రతి స్కీమ్‌లో డైరెక్ట్ ప్లాన్ ఉండాలన్నారు. ఆ రెండు నిర్ణయాలకు ఇన్వెస్టర్లు మీకు రుణపడి ఉన్నారు. ఈ ఉత్తరం ఆ పని మిగిలిపోయిన చోటి గురించే.

అక్క స్కీమ్‌లో రెగ్యులర్ ప్లాన్ ఖర్చు ఏడాదికి 1.7 శాతం, డైరెక్ట్‌లో 0.8 శాతం. తేడా 0.9. వినడానికి చిన్న అంకె. కానీ ఆ శాతం లాభం మీద పడేది కాదు, మొత్తం డబ్బు మీద పడేది, ప్రతి ఏటా పడేది. ఎవరైనా ఇలాంటి స్కీమ్‌లో ఒకేసారి 5 లక్షలు పెట్టి 15 ఏళ్లు కదపలేదనుకోండి. ఖర్చులు తీయకముందు పోర్ట్‌ఫోలియో ఏడాదికి 12 శాతం పెరిగిందని అనుకుందాం. డైరెక్ట్‌లో చేతికొచ్చేది సుమారు 24 లక్షల 58 వేలు, రెగ్యులర్‌లో సుమారు 21 లక్షల 76 వేలు. పన్ను లెక్క ఇంకా వేయలేదు. తేడా 2 లక్షల 82 వేలు. అంటే డైరెక్ట్‌లో వచ్చే లాభంలో దాదాపు ఏడో వంతు. షేర్లు అవే, కొన్న తేదీలు అవే, ఫండ్ మేనేజర్ ఒక్కరే. రెండు ప్లాన్లకూ పోర్ట్‌ఫోలియో ఒక్కటే.

ఇంకో సంగతి కూడా ఉంది. కమీషన్ శాతంలో ఉంటుంది కాబట్టి డబ్బుతో పాటు అదీ పెరుగుతుంది. 5 లక్షలున్నప్పుడు మొదటి ఏడాది దాదాపు 4,500. అదే డబ్బు 20 లక్షలయ్యాక ఏడాదికి 18,000. మొదటి ఏడాది ఫారం నింపి, కేవైసీ చేసి, సందేహాలు తీర్చిన మనిషికి 4,500 వచ్చింది. పదిహేనో ఏడాది అతను ఫోన్ ఎత్తకపోయినా దానికి నాలుగింతలు వస్తుంది.

డిస్ట్రిబ్యూటర్లు అందరూ ఇలాంటివాళ్లని నేను అనను. మార్కెట్ పడిపోయినప్పుడు భయపడి అమ్మేయబోయినవాళ్లను ఆపిన ఏజెంట్లు నాకు తెలుసు. ఇంటి పెద్ద చనిపోతే నామినీ పేరుకు యూనిట్లు మార్పించడానికి వాళ్ల ఇంటికి వచ్చి కాగితాలన్నీ చేసిపెట్టిన ఆయన కూడా తెలుసు. అలాంటి మనిషికి ఏడాదికి 0.9 శాతం ఇవ్వడం దండగ కాదు. ఫండ్ తనంతట తాను ఎంచుకోలేని, ఎంచుకోవాలని లేని వ్యక్తికి డైరెక్టే మంచిదని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. నా అభ్యంతరం వేరే. ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి, వద్దనుకున్న రోజు జరిమానా లేకుండా మానుకోగలగాలి.

తెలియడం గురించి రెండు మాటలు. ఆరు నెలలకోసారి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో డిస్ట్రిబ్యూటర్‌కు చెల్లించిన కమీషన్‌ను రూపాయల్లో వేయాలని 2016లో మీరు ఆదేశించారు. మంచి ఆదేశం. అక్కతో ఆ పీడీఎఫ్ తెరిపించాను. పాన్ నంబరు పాస్‌వర్డ్‌గా కొట్టి, లావాదేవీలన్నీ దాటుకుంటూ కిందికి వెళ్తే ఆమె స్కీమ్ పక్కన ఆరు నెలలకు పద్దెనిమిది వందల పైచిలుకు రూపాయలు కనిపించాయి. ఆ అంకె చూశాకే ఆమె నా మాట నమ్మింది. నేను ఎంత వివరించినా జరగని పని ఒక్క అంకె చేసింది. అలాంటి అంకె ఏడాదికి రెండుసార్లు, అదీ ఎవరూ చూడని మూల ఎందుకు ఉండాలి? నెల నెలా వచ్చే స్టేట్‌మెంట్‌లోనే, యూనిట్ల విలువ పక్కనే, మొదటి రోజు నుంచి ఇప్పటివరకు పోయిన కమీషన్ మొత్తం వేయించండి. డేటా యూనిట్ల లెక్కలు రాసే రిజిస్ట్రార్ల దగ్గర ఇప్పటికే ఉంది. చెల్లించిన ప్రతి రూపాయికీ లెక్క లేకుండా కమీషన్ ఎవరికీ వెళ్లదు కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

అక్క డైరెక్ట్‌కు మారతానంది. అప్పటికి ఆమె కట్టింది 36 వాయిదాలు, 3 లక్షల 60 వేలు. విలువ సుమారు 4 లక్షల 50 వేలు. ఆ స్కీమ్‌లో ఎగ్జిట్ లోడ్ చాలా ఈక్విటీ ఫండ్లలో ఉన్నట్టే ఏడాదిలోపు తీస్తే 1 శాతం. సిప్‌లో చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఏడాది లెక్క సిప్ మొదలైన రోజు నుంచి కాదు, ప్రతి వాయిదాకూ విడిగా మొదలవుతుంది. మూడేళ్లుగా కడుతున్నాను కాబట్టి నాకు లోడ్ ఉండదు అనుకున్న అక్కకు, చివరి 12 వాయిదాల మీద లోడ్ ఉంది. వాటి విలువ 1 లక్ష 25 వేలు అనుకుంటే లోడ్ 1,250 రూపాయలు. వాటి మీద వచ్చిన 5,000 లాభంలో లోడ్ పోగా మిగిలిన 3,750కి స్వల్పకాలిక పన్ను 20 శాతం, సెస్‌తో కలిపి 780. మొత్తం దాదాపు 2,030.

స్విచ్ చేసే స్క్రీన్‌లో 'అన్ని యూనిట్లు' అనే చోట టిక్ పెట్టి ఆమె ముందుకు వెళ్లబోయింది. ఎంత లోడ్ పడుతుందో ఆ స్క్రీన్ ఎక్కడా చెప్పలేదు. ఆపి, పాత 24 వాయిదాల యూనిట్లు మాత్రమే లెక్కగట్టి వేయించాను. వాటి విలువ 3 లక్షల 25 వేలు, లాభం 85 వేలు. ఏడాది దాటినవి కాబట్టి లోడ్ లేదు. దీర్ఘకాలిక లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో 1 లక్ష 25 వేల వరకు పన్ను లేదు కాబట్టి, ఆమెకు వేరే లాభాలు లేవు కాబట్టి, పన్నూ పడలేదు. ముందు కొన్న యూనిట్లే ముందు పోతాయి గనుక ఎన్ని యూనిట్లు అని సరిగ్గా వేస్తే చాలు, పాతవే కదులుతాయి. రెగ్యులర్ సిప్ ఆపించి, డైరెక్ట్‌లో కొత్త సిప్ పెట్టించాను. మిగిలిన 12 వాయిదాలు ఏడాది నిండేదాకా అక్కడే ఉంటాయి.

అలా ఆగడం ఎందుకు సరైనదో కూడా చెప్పాలి, ఇదే స్థితిలో ఉన్న పాఠకులు ఉంటారు కాబట్టి. ఏడాది నిండని యూనిట్‌ను ఇప్పుడే మారిస్తే 1 శాతం లోడ్ పోతుంది. ఆగితే, మిగిలిన నెలలకు కమీషన్ పోతుంది. అది ఏడాదంతా ఆగినా 0.9 శాతమే. కాబట్టి కమీషన్ తేడా లోడ్ కన్నా తక్కువగా ఉన్న స్కీమ్‌లో ఆగడమే తక్కువ నష్టం, పైగా స్వల్పకాలిక పన్నూ తప్పుతుంది. ఇంకో జాగ్రత్త ఉంది. డైరెక్ట్‌లోకి వచ్చిన యూనిట్లను కొత్తగా కొన్నట్టే లెక్కిస్తారు. ఎగ్జిట్ లోడ్‌కూ, పన్నుకూ ఏడాది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఏడాదిలోపు పిల్లల ఫీజుకో, ఇంటి పనికో కావలసిన డబ్బును మార్చకుండా ఉంచుకోవడమే మేలు.

మా అక్క గట్టెక్కింది. కానీ ఇంత లెక్క ఎందుకు వేయవలసి వచ్చింది అన్నదే నా ప్రశ్న.

ఎగ్జిట్ లోడ్ ఎందుకు పెడతారు? ఒకరు తొందరగా డబ్బు తీసుకుంటే ఫండ్ మేనేజర్ షేర్లు అమ్మాలి, లేదా ఆ అవసరానికి నగదు పక్కన పెట్టుకోవాలి. ఆ ఖర్చు ఉండిపోయినవాళ్ల మీద పడుతుంది. అందుకని వెళ్లేవాళ్ల దగ్గర కొంత తీసుకుని స్కీమ్‌లో జమ చేస్తారు. 2012 అక్టోబర్ నుంచి ఆ సొమ్ము ఫండ్ కంపెనీకి కాకుండా స్కీమ్‌కే చేరేలా మీరే మార్చారు. ఈ కారణం నాకు సబబుగానే అనిపిస్తుంది.

కానీ రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారినప్పుడు ఏం జరుగుతుంది? ఒక్క షేరు అమ్మరు. ఒక్క రూపాయి నగదు బయటికి రాదు. స్కీమ్ మొత్తం ఆస్తి మారదు. రిజిస్ట్రార్ పుస్తకాల్లో ఒక ప్లాన్‌లో యూనిట్లు తగ్గి, ఇంకో ప్లాన్‌లో పెరుగుతాయి. ఉండిపోయినవాళ్లకు పడిన ఖర్చేమీ లేదు. మరి ఆ 1 శాతం ఏ నష్టానికి పరిహారం?

స్కీమ్ పత్రాలు చదివితే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. చాలా స్కీముల్లో ఏఆర్ఎన్ లేకుండా రెగ్యులర్‌లోకి వచ్చిన డబ్బు డైరెక్ట్‌కు మారితే లోడ్ లేదు. ఏఆర్ఎన్ ద్వారా వచ్చిన డబ్బు మారితే లోడ్ ఉంది. డైరెక్ట్ నుంచి రెగ్యులర్‌కు పోతే లోడ్ లేదు. పైగా అలా పోయినవాళ్లకు, తర్వాత డబ్బు తీసినప్పుడు పాత కొనుగోలు తేదీనే లెక్కలోకి తీసుకునే స్కీములున్నాయి. పోర్ట్‌ఫోలియోకు ఈ మూడింటిలో ఏ తేడా లేదు. తేడా అంతా డిస్ట్రిబ్యూటర్ ఉన్నాడా లేడా అన్న దగ్గరే. అంటే ఇక్కడ ఎగ్జిట్ లోడ్ స్కీమ్‌ను కాపాడడం మానేసి, కమీషన్ దారికి కాపలా కాస్తోంది.

డిస్ట్రిబ్యూటర్ మొదటి ఏడాది శ్రమ పడ్డాడు, ఇన్వెస్టర్ వెంటనే మారిపోతే అతనికి నష్టం కదా అని ఫండ్ కంపెనీలు అనవచ్చు. ఆ మాటలో న్యాయం ఉన్నా, లోడ్ దానికి జవాబు కాదు. ఆ 1 శాతం డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లదు, స్కీమ్‌లో జమ అవుతుంది. యూనిట్లు తన కోడ్ కింద ఉన్నన్నాళ్లకు ట్రెయిల్ అతనికి ఎలాగూ అందింది. శ్రమకు ప్రతిఫలం కావాలంటే ఫీజు అడిగే పద్ధతులున్నాయి. ఇన్వెస్టర్‌ను ఏడాదిపాటు కట్టిపడేయడం పద్ధతి కాదు.

పన్ను వైపు చూస్తే మీ మాటే నా వాదనకు బలం. ఒకే స్కీమ్‌లో ప్లాన్ల మధ్య మారడాన్ని అమ్మకంగా చూడవద్దని యాంఫీ తన బడ్జెట్ ప్రతిపాదనల్లో ప్రభుత్వాన్ని అడిగింది. సరైన కోరిక. ఎందుకంటే పెద్ద మొత్తాలున్నవాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే. 20 లక్షల విలువ, అందులో 10 లక్షల లాభం ఉన్నవాళ్లు ఒకేసారి మారితే, 1 లక్ష 25 వేలు పోను మిగతా దాని మీద 12.5 శాతం, అంటే సెస్ కాక 1,09,375 రూపాయలు ఇప్పుడే కట్టాలి. ఏటా మిగిలేది 18,000. ఆ పన్ను ఎప్పుడో ఒకప్పుడు కట్టవలసిందే, నిజమే, కానీ లక్ష రూపాయలు ముందే తీసి కట్టమంటే ఎవరికైనా చేతులు ఆడవు. ఏటా కొంత కొంత మార్చుకుందామన్నా, ఎక్కువ లాభం ఉన్న పాత యూనిట్లే ముందు కదులుతాయి కాబట్టి మినహాయింపు తొందరగా నిండిపోతుంది. ఫండ్ కంపెనీ తనంతట తాను ఒక స్కీమ్‌లోని రెండు ప్లాన్లను కలిపేస్తే ఇన్వెస్టర్‌కు పన్ను పడకుండా 2016 ఫైనాన్స్ చట్టం 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 47లో ఒక క్లాజు చేర్చింది. కంపెనీ కలిపితే లేని పన్ను, ఇన్వెస్టర్ తానే మారితే ఎందుకుండాలి?

ఇక్కడే యాంఫీ పెద్దలను సూటిగా అడుగుతున్నాను. డబ్బు స్కీమ్‌లోనే ఉంది కాబట్టి ఇది అమ్మకం కాదు, పన్ను వేయవద్దని ప్రభుత్వానికి చెబుతారు. అదే మార్పు మీద మీ సభ్య కంపెనీలు 'బయటికి వెళ్తున్నారు' అని ఎగ్జిట్ లోడ్ వేస్తాయి. రెండూ ఒకేసారి నిజం కాలేవు. మొదటిది నిజమని మీరు నమ్మితే రెండోదాన్ని మానేయడానికి ఏ బడ్జెట్ కోసమూ ఆగనక్కర్లేదు.

సెబీ వారిని కోరేది ఇది. ఒకే స్కీమ్‌లో రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారే యూనిట్ల మీద, ఏఆర్ఎన్ ఉన్నా లేకపోయినా, ఎగ్జిట్ లోడ్ వేయకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. మారిన యూనిట్లకు లోడ్ లెక్కలో పాత కొనుగోలు తేదీనే కొనసాగించమనండి. అప్పుడు ఏడాది తప్పించుకోవడానికి ఎవరూ దీన్ని వాడుకోలేరు, ఎందుకంటే ఆరు నెలల నాడు కొన్న యూనిట్ డైరెక్ట్‌కు మారినా, స్కీమ్ నుంచి నిజంగా బయటికి తీస్తే మిగిలిన ఆరు నెలలకు లోడ్ అలాగే ఉంటుంది. ఈ సర్క్యులర్ వచ్చేదాకా, కనీసం స్విచ్ స్క్రీన్ మీద ఓకే నొక్కే ముందు ఎన్ని యూనిట్ల మీద ఎంత లోడ్ పడుతుందో రూపాయల్లో చూపించాలని ఫండ్ కంపెనీలకు, యాప్‌లకు, రిజిస్ట్రార్లకు చెప్పండి.

మా అక్క చివరి 12 వాయిదాల్లో కొన్ని ఇంకా రెగ్యులర్‌లోనే ఉన్నాయి. నెలకో వాయిదా ఏడాది నిండుతోంది. నిండినప్పుడల్లా ఆమె లాగిన్ అయ్యి ఆ యూనిట్లు లెక్కగట్టి మార్చుకుంటోంది.

ఇట్లు,
ఒక ఇన్వెస్టర్